ఒక్క గోటి మీద నల్ల చార: ఎప్పుడు గమనిస్తే చాలు, ఎప్పుడు ముక్క తీయించాలి

నేను చెన్నైలో చర్మవ్యాధుల డాక్టర్ని. చూళై, పాత వాషర్‌మెన్‌పేట వైపు నుంచి వచ్చే తెలుగువాళ్లు మా క్లినిక్‌కి ఎక్కువ. వచ్చేది తామరకో, జుట్టు రాలడానికో. మందుల చీటీ చేతికిచ్చాక, లేచి తలుపు దాకా వెళ్లి, అక్కడ ఆగి, "అమ్మా, ఈ గోటి మీద ఇదేంటో ఒకసారి చూస్తారా?" అని వేలు చాపుతారు. అలా చాపిన వేళ్లలో చాలావాటికి ఏ ప్రమాదమూ ఉండదు. ఎప్పుడో ఒకసారి మాత్రం, వాళ్లు వచ్చిన జబ్బు కంటే ఆ చారే పెద్ద సంగతి అవుతుంది: అది మెలనోమా అనే రంగు కణాల కాన్సర్ కావచ్చు.

అలాంటి ఒక వేలు గురించి చెబుతూ, మీ గోటిని మీరే ఎలా చూసుకోవాలో, డాక్టరు దగ్గర ఏం జరగాలో వరసగా రాస్తాను. ఆ వేలు ఒక టైలర్ మాస్టర్‌ది. నెల్లూరు వైపు నుంచి వచ్చి ముప్ఫై ఏళ్లుగా చూళైలో కుడుతున్నారు. వయసు 54. పాదాల మీద దురద మచ్చలకి వచ్చారు. కుడిచేతి బొటనవేలి గోటి మీద మొదలు నుంచి కొన దాకా ముదురు గోధుమరంగు చార ఉంది. నేను అడగకముందే ఆయన భార్య చెప్పింది: "రెండేళ్ల నుంచి ఉంది డాక్టరమ్మా. కత్తెర ఒత్తిడికి వచ్చిందిలే అని ఈయన పట్టించుకోరు."

కత్తెర మాట కొట్టిపారేయదగ్గది కాదు. కత్తెర పిడి బొటనవేలినే ఒత్తుతుంది. ఒత్తిడికి గోటి మీద చార రావడం నిజంగా ఉన్నదే. మరి ఏది ఒత్తిడి చార, ఏది కాదు అని ఎలా తేల్చాలి? అందుకు ముందు గోరు ఎలా పెరుగుతుందో తెలియాలి.

గోటిని మొదలు నుంచి చదవాలి

మనకు కనిపించే గోరు ప్రాణం లేని పలక. దాన్ని తయారుచేసే చోటు గోటి మొదట్లో, చర్మపు మడత కింద దాగి ఉంటుంది. డాక్టర్లు దాన్ని మ్యాట్రిక్స్ అంటారు. నేను ఇక్కడ గోటి మూలం అంటాను. బొటనవేలి గోటి మొదట్లో తెల్లగా నెలవంకలా కనిపించేది ఈ మూలపు ముందు భాగమే. అక్కడ మెలనోసైట్లు అనే రంగు కణాలు ఉంటాయి. మామూలుగా అవి నిద్రలో ఉన్నట్టు ఊరుకుంటాయి. ఏదో కారణానికి ఒకచోట అవి మేల్కొని రంగు వదిలితే, ఆ రంగు అక్కడ తయారయ్యే గోటిలో కలిసిపోతుంది. గోరు ముందుకు జరిగేకొద్దీ ఆ రంగు గీతలా సాగుతుంది. అంటే చార కనిపించేది గోటి మీదే అయినా, దానికి కారణం మడత కింద ఉంది.

చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. కాలి గోరు అందులో సగం, 1.5 మిల్లీమీటర్లు. బొటనవేలి గోరు కనిపించే మేర 15 మిల్లీమీటర్లు ఉందనుకోండి. కొనలో ఉన్నది ఐదు నెలల కిందట తయారైన గోరు, మొదట్లో ఉన్నది ఈ వారంలో బయటికొచ్చింది. మడత కింద జరుగుతున్నదాని ఐదు నెలల చరిత్ర మీ కళ్ల ముందే ఉందన్నమాట. ఈ ఒక్క లెక్క గుర్తుంచుకుంటే కింద చెప్పే అడుగులన్నీ తేలికగా అర్థమవుతాయి.

మొదటి అడుగు: అది చారేనా, మరకా, రక్తమా?

గోళ్లరంగు ఉంటే పూర్తిగా తుడిచేయండి. పగటి వెలుతురులో, కిటికీ పక్కన చూడండి. ఆ రంగు కణాలు వదిలే మెలనిన్ చార మొదలు దగ్గర పుట్టి, మధ్యలో తెగకుండా, నిలువుగా కొన దాకా వస్తుంది. ఈ రూపం లేకపోతే వేరే కారణాలు వెతకాలి.

గోరింటాకు మరక సంగతి మన ఆడవాళ్లకి చెప్పనక్కర్లేదు. ఆషాఢంలో పెట్టుకున్నది కార్తీకం నాటికి కొన దగ్గర మిగులుతుంది, మొదట్లో తెల్ల గోరు వస్తుంది. మరకకి మొదలు వైపు అంచు గోటి మడత వంపులోనే ఉంటుంది. జుట్టుకు వేసే రంగు, పొటాషియం పర్మాంగనేట్ నీళ్లు కూడా ఇంతే. పైపైన గీకితే కొంత పోతుంది.

రక్తం గడ్డ దీనికంటే ఎక్కువ తికమక పెడుతుంది. తలుపు సందులో వేలు పడ్డాక వచ్చే నలుపు అందరికీ గుర్తుంటుంది. కాలి గోటి కింద మాత్రం, చెప్పులో వేలు కొట్టుకుని, దెబ్బ తగిలిన సంగతే తెలియకుండా రక్తం చేరుతుంది. రక్తం సాధారణంగా నిలువు గీతగా కాక మచ్చగా ఉంటుంది. రంగులో ఎరుపు, ఊదా ఛాయ ఉంటుంది. అంచుల్లో చిన్న చిన్న బొట్లు కనిపిస్తాయి. అనుమానం తీరకపోతే ఒక సులువైన పని చేయండి. మచ్చకి మొదలు వైపు అంచు ఎక్కడుందో, గోటి మీద సరిగ్గా అక్కడ సన్నటి ఆకురాయితో చిన్న గాటు పెట్టండి, లేదా పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. చేతి గోరైతే ఆరు వారాలు, కాలి గోరైతే మూడు నెలలు ఆగి చూడండి. రక్తమైతే గాటుతో పాటు మచ్చ కూడా నాలుగైదు మిల్లీమీటర్లు ముందుకు జరిగి, దాని వెనక శుభ్రమైన గోరు వస్తుంది. గాటు జరిగినా నలుపు మాత్రం మొదటి నుంచి వస్తూనే ఉంటే, అది మూలంలో తయారవుతున్న రంగు.

ఒక హెచ్చరిక. రక్తం ఉన్నంత మాత్రాన దాని కింద కణితి లేదని కాదు. కణితి ఉన్న గోరు కూడా రక్తం కారుతుంది. మచ్చ ముందుకు జరిగి పూర్తిగా పోయిందని చూసేదాకా నిశ్చింతగా ఉండకూడదు. జమైకా గాయకుడు బాబ్ మార్లీ కాలి బొటనవేలి గోటి కింది మచ్చను ఫుట్‌బాల్‌లో తగిలిన దెబ్బ అనుకున్నారు. 1977లో అది మెలనోమా అని తేలింది. వేలు తీయించుకోవడానికి ఆయన ఒప్పుకోలేదు. 1981 మే 11న, 36 ఏళ్ల వయసులో చనిపోయారు. దెబ్బ వల్ల కాన్సర్ వచ్చిందని దీని అర్థం కాదు. దెబ్బ కథ నమ్మదగ్గదిగా ఉంటే మచ్చను పరీక్ష చేయించడం ఆలస్యమవుతుందని మాత్రమే. మా మాస్టర్ కత్తెర కూడా అలాంటి కథే.

ఫంగస్ వల్లా గోరు నల్లబడుతుంది. అది ఎక్కువగా కొన వైపు నుంచి మొదలై వెనక్కి పాకుతుంది, గోరు మందమై పొడిగా రాలుతుంది. గోటి ముక్క కత్తిరించి ల్యాబ్‌కి పంపితే తెలుస్తుంది. ఆ పరీక్ష లేకుండా నెలల తరబడి ఫంగస్ మందు వాడటం నాకు అస్సలు నచ్చని పని. అసలు జబ్బు వేరైతే ఆ నెలలన్నీ వృథా అవుతాయి.

రెండో అడుగు: ఇరవై గోళ్లూ చూడండి

మెట్టెలు, చెప్పులు, సాక్సులు తీసేసి కాలి గోళ్లు కూడా చూడాలి. చామనఛాయ, నలుపు రంగు వాళ్లలో వయసు పెరిగేకొద్దీ నాలుగైదు గోళ్ల మీద పలుచటి గోధుమ చారలు రావడం మామూలే. అది జబ్బు కాదు. చాలా గోళ్లకి ఒకేసారి వస్తే వాడుతున్న మందులు, బి12 లోపం, గర్భం లాంటి ఒంటికంతటికీ వర్తించే కారణాలు వెతుకుతాం. కీమోథెరపీ మందులు, హైడ్రాక్సీయూరియా, హెచ్ఐవీకి వాడే జిడోవుడిన్ ఇలా చారలు తెస్తాయి.

మిగిలిన పందొమ్మిది శుభ్రంగా ఉండి ఒక్క గోటి మీదే చార ఉంటే, కారణం ఆ వేల్లోనే ఉందన్నమాట. ఒత్తిడికి మేల్కొన్న రంగు కణాలు కావచ్చు. గోటి మూలంలో పుట్టుమచ్చ కావచ్చు. అరుదుగా మెలనోమా కావచ్చు. మెలనోమా ఎక్కువగా కనిపించేది చేతి బొటనవేలు, కాలి బొటనవేలు, చూపుడువేలు గోళ్లలో. కాలి చిటికెన వేలిది ఇంకో కథ. ఇరుకు బూట్లు తొడిగే కుర్రాళ్లకి చివరి రెండు వేళ్ల మీద పలుచటి చార వస్తుంటుంది, తరచు రెండు కాళ్లకీ. బూట్లు మార్చాక నెమ్మదిగా, నెలల మీద వెలిసిపోతుంది.

మెలనోమా అనగానే తెల్లవాళ్ల జబ్బు కదా అంటారు. ఎండకు చర్మం మీద వచ్చే మెలనోమాల విషయంలో ఆ మాట చాలావరకు నిజమే. గోటిది ఎండ వల్ల వచ్చేది కాదు, అన్ని రంగుల వాళ్లకీ వస్తుంది. మనలో మెలనోమాయే అరుదు కాబట్టి, వచ్చిన వాటిలో అరికాలు, అరచేయి, గోళ్ల వాటా పెద్దదిగా ఉంటుంది.

మాస్టర్ విషయంలో ఇరవై గోళ్లూ చూశాను. కుడి బొటనవేలు ఒక్కటే. ఎడమ చేతి గోళ్లు, కాలి గోళ్లు శుభ్రం.

మూడో అడుగు: స్కేలు పెట్టి కొలవండి

అన్నిటికంటే ఎక్కువ సంగతి తెలిసేది ఈ అడుగులోనే. ఖర్చు ఏమీ లేదు.

వేలిని బల్ల మీద వదులుగా ఆనించండి. గోటికి అడ్డంగా ప్లాస్టిక్ స్కేలు పెట్టండి. ఫోన్‌ని దగ్గరగా పట్టి మూడు ఫోటోలు తీయండి: ఒకటి పైనుంచి గోరంతా కనిపించేలా, ఒకటి గోటి మొదలు, దాని వెనక చర్మం స్పష్టంగా కనిపించేలా, ఒకటి వేలి కొన వైపు నుంచి గోటి అంచు కనిపించేలా. ఫ్లాష్ వద్దు, గోరు మెరిసి చార కనిపించదు. తారీఖు రాసి దాచుకోండి. తర్వాతి ఫోటోలు కూడా అదే కిటికీ దగ్గర, అదే స్కేలుతో తీయండి. లేకపోతే వెలుతురు తేడాకే చార నల్లబడిందని కంగారు పడతారు.

ఇప్పుడు రెండు చోట్ల వెడల్పు కొలవండి, మొదలు దగ్గర ఒకసారి, కొన దగ్గర ఒకసారి. రెండూ సమానంగా ఉంటే, ఈ ఐదు నెలల్లో మూలంలోని మచ్చ పెరగలేదని అర్థం. మొదలు దగ్గర వెడల్పుగా, కొన దగ్గర సన్నగా, పొడుగాటి త్రికోణంలా ఉంటే, ఐదు నెలల కిందటి కంటే ఇప్పుడు ఎక్కువ చోటు నుంచి రంగు వస్తోంది. మచ్చ వెడల్పవుతోంది. పాత ఫోటో ఒక్కటీ లేకపోయినా గోరే ఆ సంగతి చెప్పేస్తుంది.

మాస్టర్ గోటి మీద కొన దగ్గర రెండున్నర మిల్లీమీటర్లు, మొదలు దగ్గర నాలుగు. ఇంట్లో ఏమైనా ఫోటో ఉందా అని అడిగితే, ఏడాదిన్నర కిందట కూతురి పెళ్లి చూపుల్లో కాఫీ గ్లాసు పట్టుకున్న ఫోటో ఆయన భార్య ఫోన్‌లో దొరికింది. పెద్దది చేసి చూస్తే బొటనవేలి మీద పెన్సిల్ గీతంత సన్నటి చార. కొలవడానికి పనికిరాదు, కానీ అప్పటికీ ఇప్పటికీ తేడా కళ్లకు కనిపిస్తోంది.

పెద్దవాళ్లలో 3 మిల్లీమీటర్లు దాటిన వెడల్పును అనుమానంగా చూడాలనేది డాక్టర్లు పాటించే గీత. అదేమీ లక్ష్మణరేఖ కాదు. సన్నటి చారలోనూ మెలనోమా ఉండొచ్చు, వెడల్పాటి చార ఉత్త పుట్టుమచ్చే కావచ్చు. ఒక్క కొలత కంటే మార్పుకే నేను ఎక్కువ విలువిస్తాను. రంగు కూడా చూడండి. చార అంతా ఒకే ఛాయలో ఉందా, లేక లేత గోధుమ, ముదురు గోధుమ, నలుపు గీతలు ఒకదాని పక్కన ఒకటి సమానం లేకుండా ఉన్నాయా? అంచులు గీసినట్టున్నాయా, చెదిరిపోయాయా? చార మీదుగా గోరు పలుచబడటం, నిలువునా చీలడం మొదలైతే అది ఆగి చూసే దశ దాటిపోయింది.

నాలుగో అడుగు: గోటి చుట్టూ చర్మం

1886లో లండన్ సర్జన్ జొనాథన్ హచిన్సన్ గోటి మెలనోమాను వర్ణిస్తూ నల్ల గోరుచుట్టు అనే అర్థమొచ్చే పేరు పెట్టాడు. గోటి రంగు గోటితో ఆగక, మొదట్లో ఉన్న మడత మీదికో, పక్క చర్మం మీదికో, వేలి కొన మీదికో పాకడాన్ని ఇప్పుడు హచిన్సన్ గుర్తు అంటాం. అది కనిపిస్తే మెలనోమా గురించి గట్టిగా ఆలోచించాలి.

మన చర్మం దగ్గర ఈ గుర్తు రెండు విధాలుగా మోసం చేస్తుంది. ఒకటి, మన వేళ్లలో గోటి మడత సహజంగానే కాస్త నల్లగా ఉంటుంది. మిగిలిన తొమ్మిది వేళ్లతో పోల్చి చూడండి. అన్నిటికీ అలాగే ఉంటే అది మీ రంగు. ఆ ఒక్క వేలికే, చారకు ఎదురుగా ఉన్నచోటే నలుపు మరకలా పాకితే అది వేరు. రెండోది, గోటి మొదట్లో ఉండే క్యూటికల్ పలుచటి పొర. దాని కింది గోటి రంగు అద్దంలోంచి కనిపించినట్టు పైకి కనిపిస్తుంది. చర్మానికే రంగు వచ్చిందని భ్రమ పడతాం. ఆ రంగు పలుచటి పొర దగ్గరే ఆగిందా, దాన్ని దాటి దళసరి చర్మం మీదికి వెళ్లిందా అన్నది చూడాలి.

మాస్టర్ వేలికి మొదట్లో మడత మీద మిల్లీమీటరు మేర బూడిద గోధుమ నీడ ఉంది. మామూలు కంటికి తేల్చుకోలేకపోయాను.

పాశ్చాత్య వైద్యులు ఈ జబ్బు గుర్తులకి ఇంగ్లిష్ అక్షరమాలలో మొదటి ఆరు అక్షరాల సూత్రం తయారుచేశారు. వయసు, చార వెడల్పు, మార్పు, ఏ వేలు, చర్మం మీదికి పాకడం, కుటుంబ చరిత్ర, ఇవీ అందులోవి. మంచి సూత్రమే. కానీ మొదటి అక్షరంలోనే ఆసియావాళ్లు, ఆఫ్రికా మూలాల వాళ్లు అని ఉంటుంది. మన ఊళ్లో ఆ గుర్తు ప్రతి రోగికీ పడుతుంది, కాబట్టి మనకి దానివల్ల ఒరిగేదేమీ లేదు. మార్పు, వేలు, చర్మం, ఈ మూడిటినీ నేను ఎక్కువ నమ్ముతాను.

ఏ చారను గమనిస్తూ ఉండొచ్చు

సన్నగా, అంచులు సమాంతరంగా, లేత గోధుమ లేదా బూడిదరంగులో ఒకే ఛాయగా ఉండి, ఏళ్లుగా మారకుండా, చర్మం శుభ్రంగా ఉన్న చారను నేను ముక్క తీయను. అయినా పెద్దవాళ్లలో ఒక్క గోటికే చార ఉంటే, ఎంత సాధువుగా కనిపించినా, ఒక్కసారి చర్మ డాక్టరు డెర్మోస్కోప్ అనే వెలుగున్న భూతద్దంతో చూడాలి. ఆ తర్వాత మూడు నెలలకో ఫోటో, ఆరు నెలలకోసారి డాక్టరు దగ్గర కొలత చాలు. యాభై దాటాక కొత్తగా పుట్టిన చారకి మాత్రం నేను ఇంత వెసులుబాటు ఇవ్వను.

పిల్లల లెక్కే వేరు. ఐదారేళ్ల పిల్లకి ఒక గోటి మీద నల్ల చార వచ్చిందని తల్లిదండ్రులు వణికిపోతూ వస్తారు. పిల్లల్లో గోటి మెలనోమా అత్యంత అరుదు. ఆ చార ఎక్కువసార్లు గోటి మూలంలోని పుట్టుమచ్చే. పెద్దవాళ్లలో భయపెట్టే గుర్తులు, అంటే వెడల్పు పెరగడం, ముదురు రంగు, చర్మం మీదికి పాకడం కూడా పిల్లల పుట్టుమచ్చల్లో కనిపిస్తాయి. కొన్ని వాటంతటవే వెలిసిపోతాయి. పైన చెప్పిన పెద్దవాళ్ల కొలతలు పిల్లలకు పెట్టి తొందరపడి గోరు పాడుచేయకూడదు. పిల్లల గోళ్లు తెలిసిన చర్మ డాక్టరు ఫోటోలతో గమనిస్తే చాలావరకు సరిపోతుంది.

డాక్టరు దగ్గర

ఇక్కడ మొదట పనికొచ్చేది ఆ డెర్మోస్కోపే. గోటి మీద జెల్ రాసి చూస్తే చార లోపలి గీతలు విడివిడిగా కనిపిస్తాయి. బూడిద నేపథ్యంలో పలుచటి గీతలుంటే ఎక్కువగా రంగు కణాలు మేల్కొన్నవే తప్ప పెరిగినవి కావు. గోధుమ నేపథ్యంలో గీతలన్నీ ఒకే మందంతో, ఒకే ఎడంతో, సమాంతరంగా ఉంటే పుట్టుమచ్చ వైపు మొగ్గు. గీతల మందం, రంగు, ఎడం దేనికదే వేరుగా ఉండి, సమాంతరం తప్పి ఒకదానిలోకి ఒకటి కలుస్తుంటే అనుమానం బలపడుతుంది. అయితే డెర్మోస్కోప్ చూసేది గోటి పలకనే, జబ్బున్న మూలాన్ని కాదు. బయాప్సీ కావాలా వద్దా అని నిర్ణయించడానికి పనికొస్తుంది, మెలనోమా లేదని తీర్పు చెప్పలేదు.

మాస్టర్ గోటిలో గీతలు మూడు రంగుల్లో, వంకరగా ఉన్నాయి. మడత మీది నీడ క్యూటికల్‌ని దాటి చర్మం మీదికి చుక్కలుగా వెళ్లింది. యాభై దాటిన మనిషి, బొటనవేలు, ఒక్కటే గోరు, త్రికోణం చార, చర్మం మీద రంగు. "మాస్టరు గారూ, దీన్ని గమనిస్తూ కూర్చోకూడదు. మూలం నుంచి ముక్క తీసి పరీక్ష చేయాలి," అన్నాను.

"ముక్క తీస్తే పాకుతుందంటారు కదమ్మా?" అన్నారాయన. ఈ మాట ప్రతిసారీ వింటాను. బయాప్సీ వల్ల మెలనోమా వ్యాపించదు. తీయకుండా ఆగిన నెలల్లోనే అది లోతుకు దిగే అవకాశం ఉంది.

ముక్క ఎక్కడి నుంచి తీస్తున్నారో అడగండి

పొరపాట్లు ఎక్కువ జరిగేది ఇక్కడే. చార గోటి మధ్యలో కనిపిస్తుంది కాబట్టి అక్కడ గోరు కోసి పంపిస్తారు. గోటి పలకను కత్తిరించి పంపితే రంగు మెలనినా, రక్తమా, ఫంగసా అని తెలుస్తుంది, అంతే. కణితి ఉన్నదీ లేనిదీ తెలియదు. గోటి కింది మెత్తటి భాగం నుంచి తీసినా కారణం చిక్కకపోవచ్చు. చార పుట్టే గోటి మూలం నుంచే తీయాలి. "బయాప్సీ అయింది, కాన్సర్ లేదన్నారు" అని ఎవరైనా అంటే, నేను మొదట అడిగేది ముక్క ఎక్కడి నుంచి తీశారని.

వేలి మొదట్లో రెండు వైపులా మత్తు ఇంజెక్షన్ వేస్తారు. ఆ ఇంజెక్షనే ఈ మొత్తంలో ఎక్కువ నొప్పి. రక్తం కారకుండా వేలికి రబ్బరు పట్టీ బిగిస్తారు. మడతను పక్కలకు గాటుపెట్టి వెనక్కి మడిచి, గోటి పలకను మొదట్లో కొంత మేర ఎత్తుతారు. అప్పుడు మూలం, దాని మీద రంగు మచ్చ నేరుగా కనిపిస్తాయి. సన్నటి చారకు 3 మిల్లీమీటర్ల పంచ్ అనే గుండ్రటి బ్లేడుతో తీయొచ్చు. వెడల్పాటి వాటికి మచ్చంతటినీ పలుచటి పొరలా బ్లేడుతో చెక్కి తీయడం ఇప్పుడు చాలామంది పాటించే పద్ధతి. గోరు పాడయ్యే అవకాశం అందులో తక్కువ. తర్వాత పలకను వెనక్కి పెట్టి కుట్టేస్తారు. అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు. రెండు రోజులు చెయ్యి ఎత్తి పెట్టుకోవాలి. రక్తం పలుచబరిచే మందులు, షుగర్ ఉంటే ముందే చెప్పాలి.

గోరు తర్వాత సన్నటి గీతతోనో, చీలికతోనో పెరగొచ్చు. ఇది ముందే ఒప్పుకోవాల్సిన నష్టం. తీసిన ముక్క చిన్నది కాబట్టి ఏ వైపు ఏదో గుర్తు పెట్టి పంపాలి. గోళ్ల బయాప్సీలు చూసే అలవాటున్న పాథాలజిస్టు చదవాలి.

రిపోర్టులో రాసేది ఎక్కువగా నాలుగు రకాలు. కణాలు పెరగలేదు, రంగు మాత్రం ఎక్కువైంది అంటే నిశ్చింత. పుట్టుమచ్చ అంటే కూడా అంతే. మెలనోమా ఇన్ సిటు అంటే కాన్సరే, కానీ పై పొర దాటలేదు. ఇన్వేజివ్ అంటే లోతుకు దిగింది, ఎంత లోతో మిల్లీమీటర్లలో రాస్తారు. పుట్టుమచ్చకీ మెలనోమాకీ మధ్య ఎటూ తేలకుండా, కణాలు కాస్త వికారంగా పెరిగాయి అని వచ్చే రిపోర్టులు నిజంగా కష్టమైనవి. తొలి దశ మెలనోమాలో కణాలు తక్కువగా, చెదురుగా ఉంటాయి. అలాంటప్పుడు అదే ముక్క గాజు స్లైడులను ఇంకో పాథాలజిస్టుకి చూపించడం తప్పనిసరి. ముక్కను దాచిన పారాఫిన్ దిమ్మ, స్లైడులు అడిగి తెచ్చుకునే హక్కు మీకుంది.

మాస్టర్ వేలు ఏమైంది

రిపోర్టు ఇన్ సిటు అని వచ్చింది. మెలనోమా అనగానే ఆయన భార్య అడిగిన మొదటి మాట, "వేలు తీసేస్తారా?" ఒకప్పుడు తీసేసేవాళ్లు. ఇప్పుడు ఇన్ సిటుకి వేలు తీయనక్కర్లేదు. గోరు, దాని మూలం, చుట్టూ కొన్ని మిల్లీమీటర్ల చర్మం ఎముక దాకా తీసి, ఆ చోట వేరే చోటి చర్మం అతికిస్తారు. వేలు మిగులుతుంది, గోరు మళ్లీ రాదు. లోతుకు దిగినదైతే కొన కీలు దాకా వేలు తీయాల్సి రావచ్చు. లోతును బట్టి చంకలోనో గజ్జలోనో ఉండే మొదటి లింఫు గ్రంథిని కూడా పరీక్షిస్తారు. చెన్నైలో అడయార్ కాన్సర్ ఇన్‌స్టిట్యూట్, సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి ఇలాంటి కేసుల్ని చూస్తాయి. బయాప్సీ స్లైడులు, రిపోర్టు, తారీఖులున్న ఫోటోలు వెంట తీసుకెళ్తే తిరుగుడు తగ్గుతుంది.

మాస్టర్‌కి మోచేతి లోపలి చర్మం తీసి అతికించారు. అంచుల్లో కణాలేమీ మిగల్లేదు. రెండు నెలలకి మళ్లీ కత్తెర పట్టారు, బొటనవేలికి మెత్తటి తొడుగు వేసుకుని. గోరు లేకపోతే గుండీల దగ్గర దారం ముడి తీయడం కష్టంగా ఉందని మాత్రం అంటారు. ఆరు నెలలకోసారి వస్తారు. అతికించిన చోటు అంచుల్లో కొత్త రంగు ఉందా, మోచేతి దగ్గరా చంకలోనూ గ్రంథులు తగులుతున్నాయా, మిగిలిన పందొమ్మిది గోళ్లూ ఎలా ఉన్నాయి అని చూస్తాను.

నలుపు లేని నల్ల జబ్బు

చార గురించే ఇంత చెప్పాక, చార లేని సంగతి కూడా చెప్పాలి. గోటి మెలనోమాల్లో సుమారు నాలుగో వంతు రంగు లేకుండానే వస్తాయి. ఒక గోటి కింద ఎర్రటి కండ పెరగడం, గోరు చీలి ఊడిపోవడం, చిన్న దెబ్బకే రక్తం కారడం, నెలలు గడిచినా మానని గోరుచుట్టు, ఇలా కనిపిస్తుంది. పులిపిరి అని కాలుస్తారు, గోరుచుట్టు అని పదేపదే యాంటీబయాటిక్ ఇస్తారు, గోరు లోపలికి పెరిగిందని పక్కన కోస్తారు. ఒకే వేలికి వచ్చిన గోరుచుట్టు రెండు మూడు నెలల మందులకి లొంగకపోతే, లేదా కోసిన చోట కండ మళ్లీ పెరిగితే, అక్కడి నుంచి ముక్క తీసి పంపమని డాక్టర్ని నేరుగా అడగండి. ఏ కారణంతో కోసినా సరే, కోసిన కండను చెత్తబుట్టలో వేయకుండా ల్యాబ్‌కి పంపమనండి.